డీజిల్ బండికి ధర కట్టేది ఇంజిన్ కాదు, ఆర్‌సీ మీది తేదీ

2024 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మా స్విఫ్ట్ డీజిల్‌ను శుభ్రంగా కడిగించి, ఢిల్లీలో సెకండ్ హ్యాండ్ కార్లు కొనే ఒక షాపుకి తీసుకెళ్లాను. పదేళ్లు దగ్గరపడుతున్నా ఇంజిన్ గడియారంలా నడుస్తోంది. లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది, సర్వీసు ఒక్కటి కూడా తప్పలేదు, టైర్లు కూడా ఏడాది క్రితం మార్చినవే. షాపాయన బానెట్ ఎత్తలేదు. స్టార్ట్ చేసి చూపిస్తానంటే వద్దన్నాడు. ఆర్‌సీ అడిగి తీసుకుని, వెలుతురుకి పట్టి, రిజిస్ట్రేషన్ తేదీ చదివాడు. 2014 నవంబర్ 3. వేళ్ల మీద లెక్కపెట్టి, "మూడు నెలలుంది సార్, లక్షా పది" అన్నాడు.

ద్వారకలో ఉంటున్న మాకు ఆ కారు ఇంట్లో మనిషి లాంటిది. పాపని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. అదే కారు, అదే ఏడాది మోడల్, అంతే తిరిగినది గుంటూరులో ఎంత పలుకుతుందని ఆ సాయంత్రం మా బావకి ఫోన్ చేసి అడిగాను. రెండు రోజులు అక్కడా ఇక్కడా వాకబు చేసి, "రెండు లక్షల డెబ్భై ఐదు వేలకు తక్కువ ఎవరూ ఇవ్వట్లేదురా" అన్నాడు. ఒకే బండికి రెండు ఊళ్లలో లక్షా అరవై ఐదు వేల తేడా. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. డీజిల్ కారు అమ్మాలనుకునేవాళ్లకీ, కొనాలనుకునేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు రూల్ సంగతి. దీని మీద వాట్సాప్‌లో తిరిగే మాటల్లో సగం తప్పులే. పదేళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదనేది దేశమంతటికీ ఉన్న చట్టం కాదు. అది ఢిల్లీ, దాని చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతం వరకే. 2015 ఏప్రిల్ 7న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ ఉత్తర్వు ఇచ్చింది. నేను కారు కొని అప్పటికి అయిదు నెలలు. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది: డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు. మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పరిమితి లేదు. అక్కడ సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, పెట్రోలైనా డీజిలైనా ఒకటే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఖర్చు పెరిగిన మాట నిజమే కానీ దారి మూసుకుపోలేదు.

ఇక్కడ నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒకటుంది. నా ఢిల్లీ ఆర్‌సీ కూడా పదిహేనేళ్లకే ఇచ్చారు. రోడ్ ట్యాక్స్ కూడా ఒకేసారి కట్టించుకున్నారు, అదీ డీజిల్ అని పెట్రోల్ కంటే ఎక్కువ శాతం. కార్డు మీద 2029 అని ఉంటుంది, బండి మాత్రం 2024లో ఆగిపోవాలి. గాలి బాగుపడాలని నాకూ ఉంది. నవంబర్‌లో మా పాప స్కూల్ నుంచి దగ్గుకుంటూ వస్తుంది, ఆ గొడవ నాకు కొత్త కాదు. కానీ వయసు ఒక్కటే కొలబద్ద చేయడం సరికాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. పొగ బండి పుట్టినరోజుని బట్టి రాదు. ఏ ప్రమాణం ప్రకారం చేశారు, ఎలా చూసుకున్నారు అన్నదాన్ని బట్టి వస్తుంది.

బండి వదిలే పొగకి దేశంలో పెట్టిన ఈ బీఎస్ ప్రమాణాల తేడా ఎంతో ఒక్క అంకె చాలు చెప్పడానికి. డీజిల్ కారు కిలోమీటరుకి వదలగల మసి బీఎస్-4లో 0.025 గ్రాములు, బీఎస్-6లో 0.0045. అంటే అయిదో వంతు కంటే తక్కువ. ఎనిమిదేళ్ల బీఎస్-4 బండినీ, ఎనిమిదేళ్లు నిండబోయే బీఎస్-6 బండినీ ఒకే గాటన కట్టేయడమంటే ఈ తేడాని లెక్కలోంచి తీసేయడమే.

ఇప్పుడు ధర దగ్గరికి వస్తాను. షాపాయన చెప్పిన లక్షా పది నాకు దోపిడీలా అనిపించింది. తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది, ఆ అంకె ఢిల్లీలో పుట్టింది కాదు. పదేళ్లు నిండబోతున్న డీజిల్‌ని ఢిల్లీలో కొని వాడుకునేవాడు ఉండడు. ఆరేడేళ్ల నుంచే కొనేవాళ్లు తగ్గిపోతారు, ఎందుకంటే నాలుగేళ్లే వాడుకోగల బండికి బ్యాంకు అయిదేళ్ల లోన్ ఇవ్వదు. లోన్ లేకపోతే నగదు పెట్టేవాడే కొనాలి. చివరికి మిగిలేది బయటి రాష్ట్రానికి పంపే వ్యాపారి ఒక్కడే. అతను గుంటూరులోనో, కరీంనగర్‌లోనో, జార్ఖండ్‌లోనో అమ్ముడుపోయే ధర నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాడు. అక్కడి ధరలోంచి లారీ బాడుగ తీసేస్తాడు, ఆ రాష్ట్రంలో కట్టే లైఫ్ ట్యాక్స్ తీసేస్తాడు, కాగితాల ఖర్చు, చిన్న రిపేర్లు, బండి రెండు మూడు నెలలు కదలకపోతే పడే వడ్డీ, తన లాభం తీసేస్తాడు. మిగిలింది మన చేతిలో పెడతాడు. రెండు లక్షల డెబ్భై ఐదు వేలు అలా తరుగుతూ తరుగుతూ లక్షా పది అవుతుంది.

ఇది అర్థమయ్యాక ఆ వ్యాపారి చేసే పని నేనే చేసుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. బావకి కారు కావాలి. పొలానికి, మిర్చి యార్డుకి, నెలకోసారి విజయవాడకి, తిరుగుడు బాగానే ఉంటుంది. "నాకెందుకురా ఢిల్లీ బండి, పోలీసులు పట్టుకోరూ?" అన్నాడు మొదట. ఆంధ్రాలో రిజిస్టర్ అయితే ఎవరూ అడగరని నమ్మించడానికి వారం పట్టింది.

చేసిన పని వరసగా చెప్తాను. ముందుగా లోన్ తీరిపోయినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35తో ఆర్‌సీలో బ్యాంకు తాకట్టు గుర్తు, అంటే హైపోథికేషన్, తీయించాను. లోన్ ఎప్పుడో కట్టేసినా ఈ పని చేయకుండా వదిలేసినవాళ్లు చాలామంది, నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఆ ఒక్కదానికే మూడు వారాలు పోయాయి. తర్వాత చలాన్లన్నీ కట్టి, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉన్నాయో లేదో చూసుకుని, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీకి ఫారం 28లో పెట్టాను. ఆ ఫారం మీద ఛాసిస్ నంబర్‌ని పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలి. బండి దొంగది కాదని పోలీసు రికార్డుల్లో చూస్తారు. ఎన్‌ఓసీలో ఏ ఆర్‌టీఓ ఆఫీసు పేరు రాయిస్తామో అక్కడే రిజిస్టర్ చేయించాలి కాబట్టి గుంటూరు అని స్పష్టంగా రాయించాను.

పదేళ్లు నిండకముందే ఇదంతా ముగించాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. అప్పట్లో నిండిన రోజు నుంచి ఢిల్లీలో ఆ బండిని రోడ్డు మీద నిలపడం కూడా ప్రమాదమే, ఎత్తుకెళ్లి స్క్రాప్‌కి పంపిన సందర్భాలున్నాయి. పైగా 2021 డిసెంబర్‌లో ఢిల్లీ రవాణా శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పదిహేనేళ్లు దాటిన డీజిల్‌కి ఎన్‌ఓసీయే వచ్చేది కాదు. అంటే ఆ తర్వాత స్క్రాప్ తప్ప వేరే దారి ఉండేది కాదు.

కారు లారీ మీద గుంటూరు చేరింది, బాడుగ 22 వేలు. అక్కడ ఫారం 27తో కొత్త నంబర్‌కి, 29, 30లతో పేరు మార్పిడికి దరఖాస్తు. ఇక అన్నిటికంటే పెద్ద దెబ్బ లైఫ్ ట్యాక్స్. చాలామంది ఇక్కడే పొరబడతారు. మనం సెకండ్ హ్యాండ్‌లో ఎంతకి కొన్నామన్నది దానికి సంబంధం లేదు. కారు కొత్తగా ఉన్నప్పటి ఇన్‌వాయిస్ ధర తీసుకుని, వయసుని బట్టి శాతం తగ్గించి వేస్తారు. మాకు 48 వేల చిల్లర పడింది. ఫీజులు, ఏజెంటు, అటూ ఇటూ తిరగడం కలిపి ఇంకో 8 వేలు. మొత్తం 78 వేలు. బావ అన్నిటితో కలిపి 2 లక్షల 60 వేలు పెట్టుకున్నాడు, గుంటూరు ధర కంటే 15 వేలు తక్కువ. నా చేతికి 1 లక్షా 82 వేలు వచ్చింది. షాపాయన ఇస్తానన్నదాని మీద 72 వేలు ఎక్కువ.

దీన్నిబట్టి అందరూ ఇలాగే చేయాలని చెప్పను. నాకు అవతలి వైపు నమ్మకమైన మనిషి ఉన్నాడు కాబట్టి కుదిరింది. ఎవరో తెలియని కొనుగోలుదారుకి పంపి, అతను పేరు మార్పించుకోకపోతే, ఆ బండితో జరిగే ప్రతి ప్రమాదం కాగితాల్లో మీ పేరు మీదే ఉంటుంది. ఆ భయం ఉన్నప్పుడు 72 వేలు వదులుకోవడమే మేలు.

అవతలి వైపు నుంచి, అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చౌకగా ఢిల్లీ బండి కొనుక్కుందామనుకునేవాళ్లకి కూడా ఇదే లెక్క. యూట్యూబ్‌లో "పది లక్షల బండి రెండున్నర లక్షలకే" అని చూపిస్తారు. అందులో లైఫ్ ట్యాక్స్ ఉండదు. చిన్న కారు మీద 48 వేలు పడితే, ఇరవై లక్షలు పెట్టి కొన్న పెద్ద ఎస్‌యూవీ మీద ఎంత పడుతుందో ఊహించుకోండి. ఇన్‌వాయిస్ ధర పెద్దది, శాతమూ పెద్దదే. పెద్ద బండి ఢిల్లీలో ఎంత చౌకైతే, ఇక్కడికి వచ్చేసరికి ఆ చౌక అంతగా కరిగిపోతుంది. ఎన్‌ఓసీ లేకుండా అలాగే డీఎల్ నంబర్‌తో తిప్పేద్దామనుకుంటే, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచిన బండికి కొత్త నంబర్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టమే చెప్తుంది. ఆ లోపు తనిఖీలో దొరికితే ట్యాక్స్‌తో పాటు జరిమానా కూడా వేస్తారు.

ఇంకా కొనాలనే ఉంటే ఒక చిన్న పని చేయండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా అని కాదు, దాని మీద అంకె ఎంతో చూడండి. డీజిల్‌కి ఆ పరీక్షలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పొగ ఎంత దట్టంగా ఉందో కొలుస్తారు, దాన్ని కె విలువ అంటారు. బీఎస్-4 బండికి 1.62 దాకా పాస్. బావకి పంపేముందు మా స్విఫ్ట్‌కి 0.6 వచ్చింది. అదే వారం పక్కన నిలబడిన ఇంకో బండికి 1.5 వచ్చింది. రెండింటికీ ఒకే రంగు సర్టిఫికెట్, రెండూ పాసే. కానీ 1.5 వచ్చిన బండిలో ఇంజెక్టర్లో, టర్బోనో అరిగిపోతూ ఉండొచ్చు, అదే అయితే కొన్నవాడికి ఆ ఖర్చు త్వరలోనే వస్తుంది. పరీక్ష జరిగేటప్పుడు మీరే పక్కన ఉండి చేయిస్తే ఇంకా మంచిది.

నేను అమ్మిన తర్వాత జరిగింది చూస్తే, ఈ రూల్‌ని నమ్ముకుని గానీ, మారుతుందని ఆశపడి గానీ బండి కొనకూడదని ఇంకా గట్టిగా అనిపించింది. 2025 జులై 1 నుంచి వయసు మీరిన బండ్లకి ఢిల్లీ బంకుల్లో డీజిల్, పెట్రోల్ పోయకూడదన్నారు. నంబర్ ప్లేటు చదివే కెమెరాలు పెట్టారు. జనం గగ్గోలు పెట్టేసరికి వారం తిరిగేసరికి నవంబర్‌కి వాయిదా వేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే కారణంగా యజమానుల మీద కఠిన చర్యలు తీసుకోవద్దంది. డిసెంబర్ 17న ఆ రక్షణ బీఎస్-4, ఆపై బండ్లకే అని సవరించింది, బీఎస్-3, అంతకంటే పాతవాటి మీద చర్య తీసుకోవచ్చంది. ఒక్క ఏడాదిలో నాలుగు మలుపులు. జూన్‌లో భయపడి అగ్గువకి అమ్ముకున్న మా అపార్ట్‌మెంట్ పక్కింటాయన ఆగస్టులో ఎంత బాధపడ్డాడో నాకు తెలుసు. ఆయన బండి కూడా బీఎస్-4 డీజిలే, నాలాంటిదే.

అయితే ఈ ఉత్తర్వుతో డీజిల్‌కి మళ్లీ మంచి రోజులొచ్చాయనుకుంటే పొరపాటే. అది తాత్కాలిక రక్షణ. దాన్ని మించి, శీతాకాలంలో గాలి బాగా చెడిపోయి, కాలుష్యం పెరిగే కొద్దీ దశలవారీగా ఆంక్షలు పెట్టే గ్రాప్‌లో మూడో దశ పెట్టినప్పుడు ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, నోయిడాల్లో బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ కార్లు బయటికి తీయకూడదు. తీస్తే జరిమానా 20 వేలు. ఆ ఆంక్షలో వయసు ప్రస్తావన లేదు. 2019 చివర్లో కొన్న డీజిల్ కూడా ఇంట్లో నిలబడిపోవాల్సిందే. పెళ్లిళ్ల సీజన్‌లో, పరీక్షల రోజుల్లో, ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు కారు ఉండీ లేనట్టే. కొనేవాడు ఇదంతా ధరలోంచి తగ్గిస్తాడు. అంటే లెక్క వయసు నుంచి బీఎస్ నంబర్‌కి మారింది. ఇకమీదట ధర అడిగేముందు ఆర్‌సీలో తేదీతో పాటు ఆ నంబర్ చూడాలి.

ఈ నంబర్ మన దగ్గర కూడా చూసుకోవాల్సిందే, ఒక ప్రత్యేక కారణం వల్ల. బీఎస్-4 దేశమంతటా వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కానీ 2010 ఏప్రిల్ నుంచే హైదరాబాద్‌తో కలిపి పదమూడు నగరాల్లో అది తప్పనిసరి. అందుకని 2013లో హైదరాబాద్‌లో రిజిస్టరైన కారు బీఎస్-4 అయి ఉంటుంది, అదే ఏడాది ఒక జిల్లా కేంద్రంలో కొన్న అదే మోడల్ బీఎస్-3 కావచ్చు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. mParivahan యాప్‌లో బండి నంబర్ కొడితే Emission Norms అన్న చోట కనిపిస్తుంది. రేపు ఏదైనా నగరం ఢిల్లీ దారి పట్టినా మొదట దెబ్బ తగిలేది బీఎస్-3కే. అందుకే ఒకే ధరకి రెండూ దొరికితే బీఎస్-4 తీసుకోండి. అలాగే, హైదరాబాద్‌లో పదేళ్ల డీజిల్ అమ్ముతుంటే ఎవరైనా వచ్చి "పదేళ్లయింది కదా, ఇక నడవదు" అని బేరమాడితే ఒప్పుకోకండి. అది ఢిల్లీ మాట. మీ ఆర్‌సీ ఇంకా అయిదేళ్లు ఉంది, ఆ తర్వాత రెన్యువల్ ఉంది.

ఇక డీజిల్ బదులు ఏం కొనాలి? నన్ను అడిగితే ముందు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో నిజాయితీగా రాసుకోమంటాను. స్విఫ్ట్ కొన్నప్పుడు నేను ఆ పని చేయలేదు. డీజిల్ మైలేజీ ఎక్కువ, అంతే ఆలోచించాను.

ఢిల్లీలో ఇప్పుడు నా తిరుగుడు నెలకి 800 కిలోమీటర్లు. పెట్రోల్ లీటరు 95 అనుకుని, సిటీలో లీటరుకి 14 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకి ఆరు రూపాయల ఎనభై పైసలు. డీజిల్ 88 అనుకుని, లీటరుకి 18 వస్తే నాలుగు రూపాయల తొంభై పైసలు. కిలోమీటరుకి రూపాయి తొంభై పైసలు మిగులుతుంది. ఏడాదికి 9,600 కిలోమీటర్ల మీద 18 వేల చిల్లర. అదే కాంపాక్ట్ ఎస్‌యూవీలో డీజిల్ మోడల్ పెట్రోల్ కంటే లక్షా నలభై వేలు ఎక్కువ అనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడున్నర ఏళ్లకు పైనే పడుతుంది. అప్పటికి ఢిల్లీలో దాన్ని కొనేవాళ్లే తగ్గిపోయి ఉంటారు. మిగిలిన డబ్బంతా అమ్మకంలో పోతుంది. కాబట్టి నాలాంటి తిరుగుడుకి డీజిల్ లెక్క కుదరదు.

మా బావ లెక్క వేరు. అక్కడ పెట్రోల్, డీజిల్ రెండూ ఢిల్లీ కంటే బాగా ఎక్కువ, వాటి మధ్య తేడా కూడా ఎక్కువే, లీటరుకి పదకొండు పన్నెండు రూపాయలు. అతను నెలకి 2,000 కిలోమీటర్లు, ఎక్కువగా హైవే మీద. అతనికి ఏడాదికి యాభై వేలకు పైనే మిగులుతుంది. కొత్త డీజిల్ కొన్నా రెండున్నర, మూడేళ్లలో అదనపు ధర వచ్చేస్తుంది. ఆంధ్రాలో పదేళ్ల గోడ లేదు కాబట్టి అమ్మేటప్పుడు కూడా దెబ్బ లేదు. అలాంటివాళ్లకి డీజిల్ వద్దనడం నాకు న్యాయంగా తోచదు.

అయితే బీఎస్-6 డీజిల్‌తో ఒక ఇబ్బంది ఉంది, షోరూమ్‌లో చెప్పరు. మసి బయటికి రాకుండా సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ పెడతారు. అందులో చేరిన మసిని అప్పుడప్పుడు దాదాపు ఆరు వందల డిగ్రీల వేడిలో కాల్చేయాలి. అంత వేడి రావాలంటే హైవే వేగంలో పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కి రోజూ తొమ్మిది కిలోమీటర్లు, సిగ్నల్ సిగ్నల్‌కి ఆగుతూ వెళ్లే మా స్నేహితుడికి ఏడాది తిరక్కముందే డాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగింది. కాల్చడం మొదలవుతుంది, మధ్యలో ఆఫీసు వస్తుంది, బండి ఆపేస్తాడు. అలా సగంలో ఆగినప్పుడల్లా కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి గరిష్ఠ గీత దాటి పైకి వచ్చింది, వాసన చూస్తే డీజిల్. వర్క్‌షాప్‌లో కంప్యూటర్ పెట్టి బలవంతంగా కాల్చి, ఆయిల్ మార్చి పంపారు. ఇప్పుడు వారానికోసారి పని లేకపోయినా ఓఆర్‌ఆర్ మీద ఒక చక్కర్ కొడుతున్నాడు. అతను కొనాల్సింది పెట్రోలు. సెకండ్ హ్యాండ్‌లో బీఎస్-6 డీజిల్ చూస్తున్నవాళ్లు కూడా డిప్‌స్టిక్ తీసి చూడండి, బండి సిటీలోనే తిరిగిందా అన్నది అక్కడ కొంత తెలుస్తుంది.

ఢిల్లీ చుట్టుపక్కల రోజూ చాలా దూరం తిరిగేవాళ్లకి నా ఓటు కంపెనీ ఫిట్టెడ్ సీఎన్‌జీకి. డీజిల్ కంటే కూడా కిలోమీటరుకి తక్కువ పడుతుంది, గ్రాప్ మూడో దశ ఆంక్షల్లో దాని పేరు లేదు. డిక్కీ సగం పోతుంది, బంకు దగ్గర క్యూ ఉంటుంది, అది భరించాలి. మన జిల్లాల్లో మాత్రం కొనేముందు మీ దారిలో సీఎన్‌జీ బంకు ఉందో లేదో, ఉంటే గ్యాస్ రోజూ ఉంటుందో లేదో చూసుకోండి.

హైదరాబాద్‌లో ఇంటి దగ్గర సొంత పార్కింగ్, ప్లగ్ పాయింటు ఉండి, తిరుగుడంతా సిటీలోనే అయితే ఎలక్ట్రిక్ గురించి గట్టిగా ఆలోచించవచ్చు. 2024 నవంబర్‌లో తెలంగాణ ఇచ్చిన జీవోతో ఎలక్ట్రిక్ కార్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు, 2026 డిసెంబర్ 31 దాకా. పెట్రోల్ కారు మీద పడే లైఫ్ ట్యాక్స్ చూస్తే ఇది చిన్న మొత్తం కాదు. కానీ మూడు నాలుగేళ్లలో అమ్మే ఉద్దేశం ఉంటే తొందరపడకండి. కొత్త మోడళ్ల ధరలు, రేంజి మారిపోతున్న కొద్దీ పాతవాటి ధర పడిపోతోంది. ఎలక్ట్రిక్ కొంటే బ్యాటరీ వారంటీ ఉన్నన్నాళ్లూ వాడుకునేవాళ్లే కొనాలి.

నా విషయానికొస్తే, స్విఫ్ట్ వెళ్లిపోయాక ఆరు నెలలు మెట్రోలో తిరిగి, 2025 ఏప్రిల్‌లో 2021 మోడల్ బీఎస్-6 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి ఒక్క ఓనర్ దగ్గర కొన్నాను. ఢిల్లీ నంబరే కాబట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్ గొడవ లేదు. పాత రూల్ ప్రకారం చూసినా 2036 దాకా నడుపుకోవచ్చు. మరీ కొత్తది ఎందుకు కొనలేదంటే, మొదటి మూడు నాలుగేళ్లలో పడే ధర వేరేవాళ్లు భరించారు. ఒక్క విషయంలో తొందరపడ్డాను. అదే సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొత్త కారు ధర దిగేసరికి సెకండ్ హ్యాండ్ ధరలూ దిగాయి. ఇప్పుడు బేరమాడేవాళ్లు పాత ఇన్‌వాయిస్ చూపించి ధర చెప్పే ఓనర్‌కి, అదే మోడల్ ఈరోజు షోరూమ్‌లో ఎంతో చూపించండి.

స్విఫ్ట్ గుంటూరులో ఏపీ నంబర్‌తో తిరుగుతోంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే నడిపాను, లక్షా ముప్ఫై తొమ్మిది వేలు దాటింది. యార్డు నుంచి వస్తూ బావ సీట్ల మధ్య పడిన మిరపకాయలు ఏరుతూ, "దీని ఆర్‌సీ ఎప్పటిదాకారా?" అని అడిగాడు. 2029 నవంబర్ 2 అన్నాను. ఆ తేదీకి నెల ముందే పొల్యూషన్ చేయించి, ఫారం 25 పెడదామని ఫోన్‌లో రిమైండర్ పెట్టించుకున్నాడు.